పాస్ దగ్గర పిలుపు: ఆర్డర్ చెప్పడం, ఫైర్ చెప్పడం రెండూ ఒకటి కాదు

ప్రశ్న: "ఈ నెల నుంచి నన్ను పాస్ దగ్గర, అంటే వండిన ప్లేట్లు హాల్లోకి వెళ్ళే బల్ల దగ్గర, నిలబెట్టారు. టికెట్ రాగానే గట్టిగా చదువుతున్నాను. అయినా ఒకే టేబుల్ ప్లేట్లు ఒకటి ముందు, ఒకటి వెనక వస్తున్నాయి. చేప చల్లారిపోయాక స్టీక్ వస్తోంది. రద్దీలో అయితే వంటవాళ్ళు 'మాకు వినపడలేదు' అంటున్నారు. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?"

సమాధానం:

టికెట్ రాగానే చదవడం సరైన పనే. కాని మీరు చదవగానే అన్ని స్టేషన్లూ వంట మొదలుపెడుతున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఆర్డర్ వచ్చిందని తెలియజేయడం ఒక పిలుపు, వండడం మొదలుపెట్టమని చెప్పడం మరొక పిలుపు. ఈ రెండవ పిలుపును, అంటే ఫైర్‌ను, ఒక్కో స్టేషన్‌కు వేర్వేరు నిమిషాల్లో ఇవ్వాలి. ఆ నిమిషాలను ప్లేట్లు పాస్ మీదికి రావలసిన సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ఇక వినపడలేదనే ఫిర్యాదు గొంతు పెంచితే తీరదు. వంటవారు మీ మాటను తిరిగి చెప్పేదాకా పిలుపు పూర్తి కాలేదని మీరు పట్టుబట్టినప్పుడే అది తీరుతుంది.

నేను పన్నెండేళ్ళుగా ఎక్స్‌పెడిటర్‌గా, అంటే పాస్ దగ్గర నిలబడి పిలుపులు ఇచ్చే మనిషిగా, పనిచేస్తున్నాను, అంతకుముందు గ్రిల్ స్టేషన్‌లో ఉండేవాణ్ని. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ మొదటి ఏడాది నాకూ ఎదురయ్యాయి కనుక కారణాలను కొంచెం వివరంగా రాస్తాను.

ముందు పిలుపుల సంగతి చూద్దాం. పాస్ దగ్గర నుంచి వెళ్ళే పిలుపులు మూడు రకాలు. మొదటిది ఆర్డర్. "ఆర్డర్, టేబుల్ 12, నలుగురు" అని మొదలుపెట్టి టికెట్ మీద ఉన్నదంతా చదువుతారు. ఇది విన్న గ్రిల్ వంటవారు స్టీక్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టుకుంటారు, చేప చూసేవారు ఫిల్లెట్ తడి తుడుచుకుంటారు, కాని పొయ్యి మీద ఎవరూ ఏమీ పెట్టరు. రెండవది ఫైర్. ఇది వినగానే వేడి మీద పెట్టాలి. మూడవది పికప్. ఇది వినగానే ప్లేట్‌లో సర్ది పాస్ మీదికి తేవాలి. మీ వంటగదిలో ఇప్పటిదాకా ఈ మూడింటికీ ఒకే పిలుపు వాడుతూ ఉంటే, రేపు పని మొదలయ్యే ముందు అందరినీ పిలిచి, ఏ మాటకు ఏ పని చేయాలో ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. మాటలు మీ వంటగది అలవాటును బట్టి వేరుగా ఉండవచ్చు, కాని ఒక మాటకు ఒక్క అర్థమే ఉండాలి. "టేబుల్ 12 వెళ్దాం" అన్న మాటను ఒకరు ఫైర్ అని, మరొకరు పికప్ అని అర్థం చేసుకున్న వంటగదుల్లో నేను పనిచేశాను. చేప చల్లారిపోవడం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు సమయం లెక్క. మీ మెనూలోని ప్రతి వంటకానికీ, ఫైర్ అన్న క్షణం నుంచి పాస్ మీదికి వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందో మీకు కంఠతా రావాలి. దీన్నే పికప్ సమయం అంటాము. వంటవారిని అడిగితే సాధారణంగా తక్కువే చెబుతారు, ఎందుకంటే వారు పెనం మీద ఉండే సమయాన్ని చెబుతారే తప్ప, ముక్కను పక్కన ఉంచే సమయాన్ని, కోసి సర్దే సమయాన్ని కలపరు. అందుకే గడియారం పట్టుకుని రద్దీ లేనప్పుడు ఒకసారి, రద్దీలో ఒకసారి మీరే కొలవండి. రెండు అంకెలూ వేరుగా ఉంటాయి. రద్దీలో కొలిచిన అంకెనే వాడుకోండి.

ఒక టేబుల్‌ను పూర్తిగా లెక్క వేసి చూపిస్తాను. నలుగురు అతిథులు, మెయిన్ కోర్సుకు మీడియం వెల్ స్టీక్ ఒకటి, పెనం మీద వేయించే చేప ఒకటి, పాస్తా ఒకటి, సలాడ్ ఒకటి అనుకుందాం. ఈ వంటగదిలో ఆ మందం స్టీక్‌కు గ్రిల్ మీద 12 నిమిషాలు, తీశాక రసం ముక్కలోనే నిలవడానికి పక్కన ఉంచేందుకు 5 నిమిషాలు, కోసి సర్దడానికి 1 నిమిషం, మొత్తం 18 నిమిషాలు పడుతుంది. చేపకు 8, ముందే సగం ఉడికించి ఉంచిన పాస్తాను సాస్‌లో పూర్తి చేయడానికి 5, సలాడ్‌కు 2. స్టార్టర్లు 8:02కి పాస్ దాటాయి. ప్లేట్లు 8:30కి కలిసి వెళ్ళాలని మీరు నిర్ణయించుకున్నారు. అప్పుడు స్టీక్‌కు ఫైర్ 8:12కి, చేపకు 8:22కి, పాస్తాకు 8:25కి, సలాడ్‌కు 8:28కి చెప్పాలి. నాలుగు స్టేషన్లకు నాలుగు వేళల్లో నాలుగు పిలుపులు వెళితేనే ప్లేట్లు నాలుగూ ఒక్క నిమిషంలో పాస్ మీద కలుస్తాయి.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు: 8:12కి అతిథులు ఇంకా స్టార్టర్లు తింటూనే ఉంటారు కదా, ఆ ప్లేట్లు తీసేశాక ఫైర్ చెబితే సరిపోదా? సరిపోదు. స్టార్టర్ల ప్లేట్లు 8:20కి తీసి, అప్పుడు స్టీక్ మొదలుపెడితే, మెయిన్ కోర్సు 8:38కి గాని రాదు. ఖాళీ బల్ల ముందు 18 నిమిషాలు కూర్చోవడం అతిథికి చాలా పెద్ద సమయం. అందుకే ఎక్కువ సేపు పట్టే వంటకం ఉన్న టేబుల్ విషయంలో, ప్లేట్లు సగం అయ్యాయన్న కబురు వెయిటర్ నుంచి నాకు రావాలి. ప్లేట్లు తీశాక వచ్చే కబురు మరొకటి. మొదటి కబురుతో స్టీక్‌కు ఫైర్ చెబుతాను, రెండవ కబురు వచ్చాకే చేపకు చెబుతాను.

ఈ తేడాకు కారణం వంటకాల స్వభావంలోనే ఉంది. కొన్ని ఆగగలవు, కొన్ని ఆగలేవు. స్టీక్ పక్కన ఉంచే దశలో మరో నాలుగైదు నిమిషాలు ఓర్చుకుంటుంది. సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిన మాంసం అంతకంటే ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. చేప, వేపుళ్ళు, పాస్తా అసలు ఓర్చుకోవు. చర్మంతో వేయించిన చేపను పెనం మీద నుంచి తీసిన వెంటనే గరిటె అంచుతో గీస్తే గరగరమని చప్పుడు వస్తుంది. అదే ప్లేట్ హీట్ ల్యాంప్ కింద మూడు నాలుగు నిమిషాలు ఉంటే కింది నుంచి ఆవిరి పట్టి చర్మం మెత్తబడుతుంది, పక్కన పోసిన సాస్ అంచుల్లో పొర కట్టి ముడత పడుతుంది. ఆ ముడత కనిపించిందంటే ఆ ప్లేట్ వేచి ఉందని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. దీపం ప్లేట్‌ను వేడిగా ఉంచగలదు కాని తాజాగా ఉంచలేదు. కనుక ఆలస్యం ఎక్కడో ఒకచోట తప్పనప్పుడు, దాన్ని ఆగగల వంటకం మీదికే నెట్టాలి.

పై టేబుల్‌లోనే ఒక చిక్కు వచ్చిందనుకోండి. 8:21కి వెయిటర్ వచ్చి, ఒక అతిథి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళారని చెప్పారు. స్టీక్ గ్రిల్ మీద ఉంది, చేపకు మరో నిమిషంలో ఫైర్ చెప్పాలి. అప్పుడు చేసే పని ఇది: "టేబుల్ 12 హోల్డ్. గ్రిల్, స్టీక్ ఒకటి కాస్త ముందే తీయండి, హోల్డ్" అని చెప్పి, ఆ మాటను తిరిగి చెప్పించుకుంటాను. ముందే తీయమనడానికి కారణం, గ్రిల్ మీద నుంచి తీశాక కూడా లోపలి వేడితో ముక్క ఇంకొంచెం ఉడుకుతూనే ఉంటుంది. ఎక్కువసేపు వెచ్చని చోట ఉండబోయే ముక్కకు ఆ లెక్క కలపకపోతే మీడియం వెల్ కాస్తా పూర్తిగా ఉడికిపోతుంది. చేపకు, పాస్తాకు ఇంకా ఫైర్ చెప్పలేదు కనుక పాడయ్యేది ఏమీ లేదు. అతిథి 8:27కి తిరిగి వచ్చారని కబురు రాగానే చేపకు ఫైర్, 8:30కి పాస్తాకు, 8:33కి సలాడ్‌కు చెబుతాను. 8:34కి స్టీక్‌ను అర నిమిషం గ్రిల్ మీద మళ్ళీ తాకించమంటాను. ప్లేట్లు 8:35కి కలిసి వెళతాయి. మీ పద్ధతిలో, అంటే ఆర్డర్ చదవగానే అన్నీ మొదలైపోయే పద్ధతిలో, ఇదే ఫోన్ కాల్‌కు కనీసం చేపనూ పాస్తానూ పారేసి మళ్ళీ వండవలసి వచ్చేది.

వినపడకపోవడం గురించి. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, గిన్నెలు కడిగే యంత్రం, పెనాల చిటపటల మధ్య ఎంత పెద్ద గొంతైనా ఏ చెవికి ఎప్పుడు చేరుతుందో చెప్పలేము. అందుకే నేను ముందుగా స్టేషన్ పేరు పిలుస్తాను, ఒక్క క్షణం ఆగుతాను, ఆ తరువాతే విషయం చెబుతాను. "గ్రిల్" అనగానే ఆ వంటవారి చెవి ఇటు తిరుగుతుంది, మిగతావారు తమ పని తాము చేసుకుంటారు. "టేబుల్ 12, స్టీక్ ఒకటి, మీడియం వెల్, ఫైర్" అన్నాక, "సరే" అనో "యెస్" అనో జవాబు వస్తే ఒప్పుకోను. "స్టీక్ ఒకటి, మీడియం వెల్, ఫైర్" అని వస్తేనే ఒప్పుకుంటాను. ఉత్త "యెస్" అన్నది అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తుంది. సంఖ్యనూ వంటకాన్నీ తిరిగి చెప్పాలంటే విని తీరాలి. రెండు చేపలు అడిగితే "చేప ఒకటి" అని జవాబు వచ్చినప్పుడు, ఆ తప్పును అక్కడే రెండు క్షణాల్లో దిద్దుకోవచ్చు. లేకపోతే ఎనిమిది నిమిషాల తరువాత పాస్ మీద తెలుస్తుంది. జవాబు రాకపోతే గొంతు పెంచకుండా అదే పిలుపును అదే స్వరంలో మళ్ళీ చెప్పండి, రెండోసారీ రాకపోతే ఆ స్టేషన్ వంటవారి ముఖంలోకి చూసి చెప్పండి. అరుపు పెరిగిన వంటగదిలో అందరూ అరవడం మొదలుపెడతారు, ఆ తరువాత ఏ పిలుపూ ప్రత్యేకంగా వినపడదు. ఇంగ్లీషు అంకెలు వాడేచోట ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి కనుక నేను "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అని విడదీసి చెబుతాను.

పాస్ దగ్గర మాట ఒక్కరి గుండానే నడవాలన్నది దీనికి అనుబంధం. వెయిటర్ నేరుగా గ్రిల్ వంటవారితో "నా స్టీక్ ఎంతసేపు" అని అడిగితే ఆయన తల తిప్పుతారు, ఏదో ఒక అంకె చెబుతారు, ఆ అంకె మీ లెక్కలో ఉండదు. వెయిటర్లందరూ మిమ్మల్నే అడగాలి, మీరు స్టేషన్‌ను అడగాలి. పాతకాలపు ఫ్రెంచి వంటగదుల్లో ఈ స్థానంలో నిలబడేవారిని అబోయర్ అనేవారు. ఆ మాటకు మొరిగేవాడు అని అర్థం. పేరు అలా ఉన్నా, పిలిచే గొంతు ఒక్కటే ఉండాలన్న ఏర్పాటు అందులో ఉంది, నేను దాన్నే గౌరవిస్తాను.

ఈ నియమాన్ని నేనే తప్పిన రాత్రి ఒకటి చెబుతాను. మనుషులు తక్కువయ్యారని రెండు ప్లేట్లు నేనే పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. పోయి వచ్చింది రెండు నిమిషాలే. ఆ లోపల మూడు టికెట్లు వచ్చి యంత్రం కింద వేలాడుతున్నాయి. టేబుల్ 7 వెయిటర్ నేను కనిపించక నేరుగా చేప స్టేషన్‌కు వెళ్ళి "7కి ఫైర్" అని చెప్పేశారు. నేను తిరిగి వచ్చి టికెట్ చూశాను. ఫైర్ గుర్తు లేదు కనుక మళ్ళీ ఫైర్ చెప్పాను. వంటవారు అది రెండవ ఆర్డర్ అనుకున్నారు. రెండు చేపలకు నాలుగు చేపలు తయారయ్యాయి, ఆ నాలుగూ పొయ్యి మీద ఉన్నంతసేపు మరో టేబుల్ చేపకు పెనం దొరకలేదు. ఆ టేబుల్ స్టీక్‌లు మాత్రం అప్పటికే కోసి పాస్ మీద ఉన్నాయి. ఆ ఒక్క తప్పు సర్దుకోవడానికి దాదాపు అరగంట పట్టింది. అప్పటి నుంచి, నా స్థానంలో ఇంకొకరిని నిలబెట్టి, ఆ సంగతి అందరికీ వినబడేలా చెప్పకుండా పాస్ వదలడం లేదు. ప్లేట్లు మోయడం ఎక్స్‌పెడిటర్ పని కాదు. "హ్యాండ్స్" అని పిలవండి, ఎవరూ రాకపోతే హాలు మేనేజర్‌కు చెప్పండి.

టికెట్ మీద గుర్తులు కూడా ఇలాంటి తప్పులనే ఆపుతాయి. ఫైర్ చెప్పిన వంటకం చుట్టూ సున్నా చుట్టి పక్కన నిమిషం రాస్తాను, అది పాస్ మీదికి రాగానే గీత కొడతాను, టేబుల్ మొత్తం వెళ్ళాక టికెట్‌ను ముల్లుకు గుచ్చుతాను. ఎవరైనా వచ్చి నా చోట నిలబడితే, నన్నేమీ అడగకుండా టికెట్ల పట్టీ చూసి ఏ టేబుల్ ఎక్కడ ఉందో చెప్పగలగాలి. ఎలర్జీ ఉన్న టికెట్ మాత్రం ఎర్ర కలంతో వేరుగా ఉంటుంది. దాన్ని వేరుగా పిలుస్తాను, ప్రతి స్టేషన్ చేతా తిరిగి చెప్పించుకుంటాను, ప్లేట్‌ను మిగతావాటితో కలపకుండా ఒక వెయిటర్ చేతికి పేరు చెప్పి ఇస్తాను.

రద్దీ గురించి ఒక మాట. టికెట్లు ఎన్ని వచ్చినా, మీ వంటగది వేగం ఎప్పుడూ అన్నిటికంటే ఇరుకైన స్టేషన్ వేగమే. చేప స్టేషన్‌లో నాలుగు బర్నర్లు ఉండి, చేపకు 8 నిమిషాలు పడితే, పది చేపలు ఒకేసారి ఫైర్ చెప్పినా నాలుగే మొదలవుతాయి. మిగతా ఆరు చేపలూ వంటవారి మనసులో బరువుగా ఉండడం తప్ప మరేమీ జరగదు. కనుక ఏ రెండు టేబుళ్ళ చేపలు కలిపి నాలుగవుతాయో చూసి వాటికి ఫైర్ చెప్పండి, మిగతా టేబుళ్ళ స్టీక్‌లను కూడా ఆ మేరకు ఆపండి. లేకపోతే గ్రిల్ ముందుకు పోయి, ప్లేట్లు పాస్ మీద జతకోసం ఎదురుచూస్తాయి. స్టేషన్ మునిగిపోతున్నదని ఎలా తెలుస్తుందంటే, ముందుగా జవాబులు పొట్టివవుతాయి, తరువాత "ఎన్ని మొత్తం" అని ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఆఖరికి జవాబులే ఆగిపోతాయి. మొదటి గుర్తు కనిపించగానే ఆ స్టేషన్‌కు కొత్త ఆర్డర్లు చదవడం ఆపి, ఇంకా రావలసిన వంటకాల మొత్తం లెక్క, అంటే ఆల్ డే, ఒకసారి ఇవ్వండి: "గ్రిల్, ఆల్ డే ఆరు స్టీక్‌లు, మూడు మీడియం, రెండు మీడియం రేర్, ఒకటి వెల్ డన్." ఈ అంకెను జ్ఞాపకం మీద చెప్పకండి. పట్టీ మీద గీత పడని వంటకాలను వేలు పెట్టి లెక్కించి చెప్పండి, ఎందుకంటే వెళ్ళిపోయిన ప్లేట్లను జ్ఞాపకం తీసివేయదు.

అదే సమయంలో హాలు మేనేజర్‌కు నిజమైన నిమిషాలు చెప్పాలి. "వచ్చేస్తోంది" అన్న మాట ఎవరికీ పనికిరాదు. "టేబుల్ 20కి ఇంకా 11 నిమిషాలు" అంటే ఆయన ఆ టేబుల్‌కు వెళ్ళి ఏదో ఒకటి చేయగలరు.

టికెట్ల బదులు తెర వాడే వంటగదిలో లెక్కలో కొంత భాగాన్ని యంత్రమే చేస్తుంది, వంటకాల నిమిషాలను ముందే నమోదు చేసి ఉంటే ఒక్కో స్టేషన్‌కు వేర్వేరు వేళల్లో చూపించగలదు. కాని అతిథి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళిన సంగతి తెరకు తెలియదు, కనుక హోల్డ్ చెప్పే మనిషి అక్కడ కూడా ఉండాలి. ఇద్దరు ముగ్గురు వంటవారే ఉన్న చిన్న వంటగదిలో ప్రత్యేకంగా ఎక్స్‌పెడిటర్ అక్కరలేదు. ఎక్కువ సమయం పట్టే వంటకం చేసేవారే పిలుపులు ఇస్తే సరిపోతుంది, ఎందుకంటే మిగతావారు ఎలాగూ ఆయన ముక్క కోసమే ఆగాలి.

ఈ వారం మీరు అన్నీ ఒకేసారి మార్చవద్దు. మొదటి రెండు రోజులు మెనూలో ఎక్కువగా వెళ్ళే ఎనిమిది పది వంటకాల పికప్ సమయాలను కొలిచి, ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పాస్ లోపలి వైపు అంటించుకోండి. మూడవ రోజు నుంచి ఆర్డర్‌ను, ఫైర్‌ను విడదీయండి. మొదట్లో వంటవారు పాత అలవాటుకొద్దీ ఆర్డర్ వినగానే పెనం మీద వేస్తారు. అలా వేసిన ప్రతిసారీ ఆ ముక్కను తీయించకుండా, ఆ టేబుల్ మిగతా స్టేషన్లకు ఫైర్ వేళలను దానికి తగ్గట్టు ముందుకు జరిపి ఆ పూట గట్టెక్కండి. పని ముగిశాక మాత్రం ఆ టికెట్‌ను ముల్లు మీద నుంచి తీసి, నిమిషాలను ఆ వంటవారికే చూపించండి. నా దగ్గర పనిచేసిన వారిలో ఎక్కువమందికి అలవాటు మారడానికి నాలుగైదు పూటలు పట్టింది.